పూజలో పెట్టిన సీసా

నేను తెనాలిలో జూనియర్ లాయరుగా చేరినప్పుడు మా సీనియరుగారికి రెండే సరదాలు. ఒకటి కిళ్ళీ, రెండోది కక్షిదారుల్ని నలుగురిలో పెట్టి ఆడుకోవడం. కేసు గెలిచినా ఓడినా ఆయనకు పెద్ద తేడా ఉండేది కాదు, నవ్వించడం మాత్రం మానేవారు కాదు. ఆయన దగ్గర నేను చట్టం ఎంత నేర్చుకున్నానో తెలియదుగానీ, మనిషి కష్టంలో ఉన్నప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళకు ఎంత హుషారు వస్తుందో మాత్రం బాగా నేర్చుకున్నాను. డెబ్భైల మొదట్లో వచ్చిన ఎర్రబూందీ కేసులో ఆ పాఠం పూర్తయింది.

ఆవిడది రేపల్లె. పుట్టిందీ మెట్టిందీ చేపల వేటకు వెళ్ళే కుటుంబాలే. మొగుడు వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. చేపలు ఎండబెట్టుకు బతకమని అందరూ సలహా ఇచ్చారు. ఆవిడ మాత్రం తెనాలి వచ్చి ఓ మిఠాయి కొట్లో పొయ్యి దగ్గర కొన్నాళ్ళు చాకిరీ చేసి, బూందీ దూయడం, పాకం పట్టడం నేర్చుకుని వెళ్ళింది. రేపల్లెలో తడికెల పాక వేసుకుని తీపిబూందీ మొదలుపెట్టింది. ఎవరూ కొనలేదు. చేపలవాళ్ళ చేతి మిఠాయి మాకెందుకన్నారు. బూందీలో నీచు వాసన వస్తోందని తినకుండానే చెప్పినవాళ్ళూ ఉన్నారు.

అప్పుడు ఆవిడ బూందీని కవరుకాగితం పొట్లాల్లో కట్టి, మూతి దగ్గర దీపంతో కాల్చి అతికించి, తెనాలి టోకు వ్యాపారికి వేయడం మొదలుపెట్టింది. అద్దంలా మెరిసే ఆ కాగితంలోంచి బూందీ కనపడుతుంది, చేసిన చేతులు కనపడవు. పసుపుపచ్చ బూందీ మధ్య అక్కడక్కడా ఎర్రటి పలుకులు. అంతకుముందు ముక్కు మూసుకున్నవాళ్ళే పిల్లలకు ఆ పొట్లాలు కొనిపెట్టారు. టోకు వ్యాపారిది వేమూరు దగ్గర పెద్ద పొలాలున్న కుటుంబం. సరుకు ఎవరు చేస్తారని అడిగితే మన రేపల్లె మనిషేనని చెప్పి ఊరుకునేవాడట. అది దయ అనుకుందావిడ. అది వ్యాపారం.

ఈ రంగు సంగతి కొంచెం చెప్పాలి. సర్కారు తిండిలో వేసుకోవచ్చని ఒప్పుకున్న కృత్రిమ రంగులు కొన్నే. బట్టల అద్దకం రంగులు తిండిలో వేయకూడదు. ఒప్పుకున్న రంగయినా తినడానికి సిద్ధమైన సరుకులో కిలోకి రెండువందల మిల్లీగ్రాములు దాటకూడదు. ఆవిడకు ఇదంతా తెలుసు. మూత బిగించి ముద్రవేసిన డబ్బా రంగే కొనేది. కంసాలి త్రాసులో తూచి, పసుపు బూందీ ఎంత కలుస్తుందో లెక్క చూసుకుని, అంతటికీ సరిపడే రంగును ఎర్ర పలుకుల పిండిలో వేసేది. అంటే ఎర్ర పలుకుల్ని విడిగా చూస్తే రంగు ఎక్కువే. కలిపి పొట్లం కట్టాక హద్దుకు బాగా లోపలే. సరుకు ఎక్కువ రోజులు నిలవ ఉంటుందని టోకు వ్యాపారి ఏదో తెల్లపొడి కూడా ఇవ్వబోతే, అది షర్బతుల్లో వేసుకోవడానికి ఒప్పుకున్నదనీ, బూందీలో వేయకూడదనీ వెనక్కి ఇచ్చేసింది. ఆయన ముఖం చిట్లించాడు. ఆ చిట్లింపు తర్వాత కోర్టులో పనికొచ్చింది, అదీ ఎదుటి పక్షానికి.

ఒక ఉదయం ఫుడ్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. అప్పటికి ఎర్ర పలుకులు ఒక పళ్ళెంలో, పసుపువి ఇంకో పళ్ళెంలో ఆరుతున్నాయి. ఆయన కట్టిన పొట్లాలు విప్పించలేదు. ఎర్ర పళ్ళెంలోంచే తీసి, మూడు వాటాలు చేసి, మూడు సీసాల్లో పోయించాడు. ఇంకా కలపలేదండీ అని ఆవిడ చెప్పింది. రంగు కోసం వచ్చినవాళ్ళం రంగున్నదే తీసుకుంటామన్నాడాయన. సీసాలకు బిరడాలు బిగించి, వాటి మీద లక్క పోసి, దళసరి కాగితం చుట్టి, దారం కట్టి, ముడుల మీద కూడా లక్క కరిగించి ముద్రలు వేశాడు. కాగితం మీద మాత్రం పొట్లం బూందీ అని రాశాడు. పక్క కొట్టాయన సాక్షి సంతకం పెట్టాడు. ఒక సీసా ఆవిడ చేతికిచ్చారు, ఒకటి పరీక్షకు పంపారు, ఒకటి ఇన్‌స్పెక్టరు దగ్గర ఉంచుకున్నాడు. అప్పటి పద్ధతి అది.

పరీక్ష రిపోర్టు వచ్చింది. తెల్ల ఉన్నిదారాన్ని కాస్త ఆమ్లం కలిపిన బూందీ నీళ్ళలో వేసి మరిగిస్తే రంగు దారానికి పడుతుంది. దాన్ని మళ్ళీ అమ్మోనియా నీళ్ళలో దించి, బొట్టుగా కాగితం మీద పెట్టి, కాగితం అంచు ద్రవంలో ముంచితే రంగు పైకి పాకుతుంది. తెలిసిన రంగుల పక్కన అది ఎంత ఎత్తు పాకిందో చూసి పేరు పట్టుకుంటారు. అలా చూసి, రంగు ఒప్పుకున్నదేననీ, మోతాదు మాత్రం హద్దు దాటిందనీ రాశారు. వాళ్ళ తప్పేమీ లేదు. వాళ్ళకు వెళ్ళినవి ఎర్ర పలుకులే.

సమను పట్టుకుని ఆవిడ మా ఆఫీసుకు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. గుమ్మం దాటి లోపలికి రాలేదు. నేను కుర్చీ చూపించినా గోడకు ఆనుకునే నిలబడింది. సీనియరుగారు కాగితాలు చూసి, మొదటిసారిగా నవ్వకుండా మాట్లాడారు. నేరం రుజువైతే ఆరు నెలలకు తక్కువ వేయడానికి లేదు, జైలు తప్పదు. కానీ ఆవిడ దగ్గరున్న సీసాను పై లాబొరేటరీకి పంపమని కోర్టును అడిగే హక్కుంది, వాళ్ళు చెప్పిందే చివరి మాట. ఆ సీసాలో ఎర్ర పలుకులు తప్ప పసుపు పలుకు ఒక్కటీ ఉండదు. అది చూస్తే ఇన్‌స్పెక్టరు పొట్లంలోంచి తీయలేదని ఎవరికైనా తెలుస్తుంది. పంపే ముందు ముద్రలు చెక్కుచెదరలేదని జడ్జిగారు చూసుకోవాలి, అంతే.

"నీ ప్రాణం ఆ సీసాలో ఉంది. ప్రాణంలా చూసుకో" అన్నారాయన.

ఆవిడ రెండు చేతులూ జోడించింది.

తర్వాత సీనియరుగారు నన్ను బాపట్ల పంపారు. అక్కడి కాలేజీలో ఒక లెక్చరరు ఉన్నారు. అంతకుముందు ఉత్తరాదిన ఎక్కడో ఇలాంటి రంగుల్నే ఎలుకలకు పెట్టి చూసే పరిశోధనలో పనిచేశారు. మోతాదు దాటినా ఎవరికీ హాని లేదని ఆయనతో సాక్ష్యం చెప్పించవచ్చేమోనని మా ఆశ. నాతో ఆవిడ కూడా వచ్చింది. తన బూందీ తిన్న పిల్లలకు ఏమైనా అవుతుందేమో ఆయన్నే అడగాలంది. జైలు భయం కంటే ఆ భయం ఎక్కువగా ఉన్నట్టుంది. రైల్లో దారి పొడుగునా దాని గురించే మాట్లాడింది.

లెక్చరరుగారు మంచివారే, కానీ మెత్తని మాటలు రాని మనిషి. అడిగినదానికి అడిగినట్టు చెప్పారు. పాలు మానిన దగ్గర్నుంచీ ఎలుకల్ని గుంపులుగా విడదీస్తారు. ఒక గుంపుకు రంగు లేని తిండి, ఒకదానికి కొంచెం రంగు, మరోదానికి ఎక్కువ, ఇంకోదానికి ఇంకా ఎక్కువ. అలా వాటి జీవితకాలమంతా పెడతారు. బరువు చూస్తారు, రక్తం చూస్తారు, పుట్టిన పిల్లల్ని చూస్తారు. చివరికి కాలేయం, మూత్రపిండాలు కోసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. రంగు తినని గుంపుతో పోల్చినప్పుడు ఏ తేడా కనిపించని మోతాదుల్లో పెద్దది ఏదో తేలుస్తారు. దాన్ని వందతో భాగిస్తారు. మనిషి ఎలుక కంటే సుకుమారం కావచ్చు కాబట్టి ఒక పదో వంతు, మనుషుల్లోనూ పసివాళ్ళూ ముసలివాళ్ళూ రోగులూ ఉంటారు కాబట్టి మళ్ళీ పదో వంతు. అలా వచ్చింది, ఒక మనిషి బతికినన్నాళ్ళూ రోజూ తిన్నా పరవాలేదనుకునే మోతాదు. అది ఒంటి బరువును బట్టి, కిలోకి ఇంత అని ఉంటుంది. జనం ఏది ఎంత తింటారో అంచనా వేసుకుని, ఆ మోతాదు దాటకుండా సరుకులో హద్దులు పెట్టుకోవచ్చు. నిలవకు వేసే మందులకూ ఇదే పద్ధతి. అందుకే ఒక్కో మందు ఫలానా తిండిలోనే, ఫలానా మేరకే అంటారు. రేపు కొత్త పరీక్షలో ఏదైనా తేడా కనిపిస్తే ఇవాళ ఒప్పుకున్న రంగును రేపు తీసేయొచ్చు కూడా.

"పిల్లలకో బాబూ?" అందావిడ.

పిల్లల బరువు తక్కువ, మిఠాయి తినడం ఎక్కువ, అందుకే లెక్క ముందుగా వాళ్ళతోనే చూసుకోవాలన్నారాయన. ఆవిడ పొట్లంలో ఎంత రంగుంటుందో అడిగి, అక్కడే కాగితం మీద లెక్కవేసి, దానివల్ల ఏ పిల్లాడికీ ఏమీ కాదని చెప్పారు. ఎర్ర పలుకులే తిన్నా ఒక రోజుకు ఏమీ కాదన్నారు. హద్దు దాటడం వేరు, విషం కావడం వేరు, కోర్టు మాత్రం మొదటిదే చూస్తుంది, నా మాట మీకు అక్కరకు రాదని నాతో కూడా అనేశారు. ఆవిడకు కొండంత బరువు దిగినట్టయింది. లేచి, గుమ్మం దాకా వెళ్ళి, ఆగి ఇంకో మాట అడిగింది.

"ఏ తేడా లేని ఎలకలుంటాయన్నారు గదండీ. చివరికి వాటిని వదిలేస్తారా?"

"లేదమ్మా. వాటినీ కోస్తాం."

"బాగున్నవాటినీనా అండీ?"

"బాగున్నాయని కోస్తేగానీ తెలియదు."

ఆవిడ దణ్ణం పెట్టి బయటికి నడిచింది. తెనాలిలో రేపల్లె బండి ఎక్కేటప్పుడు, ఇక నుంచి ఎర్ర పలుకులు సగం చేస్తానంది. పరవాలేదని ఆయన చెప్పాక కూడా ఎందుకక్కా అంటే, పిల్లలు ఎర్రవే ఏరుకు తింటారు బాబూ అంది. ఇంత జాగ్రత్త గల మనిషిని నేను నా ప్రాక్టీసులో ఎక్కువమందిని చూడలేదు.

వాయిదాకు ముందు దసరా వచ్చింది.

మా వైపు దసరాకు పనిముట్లకు పూజ చేస్తారు. నాగలికీ, కుట్టుమిషనుకీ, బస్సుకీ, త్రాసుకీ అన్నిటికీ కడిగి పసుపు రాసి బొట్టు పెడతారు. వేటవాళ్ళు పడవకు చేస్తారు. ఆవిడ బూందీ గరిటెకీ, మూకుడుకీ, త్రాసుకీ చేసింది. ప్రాణంలా చూసుకోమన్న సీసాను పక్కన పెట్టి మిగతావాటికి బొట్టు పెట్టడానికి ఆవిడకు చేతులు రాలేదు. ఆ సీసా చుట్టూ కట్టిన కాగితానికి నూనె ఊరి, చీమలు పట్టి ఉన్నాయి. మైలగా ఉన్నదాన్ని దేవుడి ముందు పెట్టలేక, దారం జార్చి కాగితం తీసేసి, సీసాను వేన్నీళ్ళతో శుభ్రంగా కడిగింది. బిరడా మీద లక్క మెత్తబడి చేతికి అంటుకుంది. గాజంతా పసుపు రాసి మూడు వైపులా కుంకుమబొట్లు పెట్టింది. తీసిన కాగితాన్నీ దారాన్నీ పారేయలేదు, మడిచి సీసా కిందే పెట్టింది. బిరడా మాత్రం తీయలేదు. ఆ సంగతి తర్వాత దేవుడి మీద ఒట్టేసి చెప్పింది. ఒట్టు అక్కర్లేదు, నేను నమ్మాను. నేను నమ్మితే ఏం లాభం.

వాయిదా రోజు రేపల్లె కోర్టులో సీనియరుగారు దరఖాస్తు పెట్టి, సీసా చూపించమన్నారు. ఆవిడ కొత్త రవికెగుడ్డలో చుట్టి తెచ్చిన సీసాను రెండు చేతులతో బల్ల మీద పెట్టి గుడ్డ విప్పింది. పసుపుపచ్చటి సీసా, ఎర్రటి బొట్లు, పసుపు చెదిరిన చోట లోపల ఎర్రటి పలుకులు. ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత గుమాస్తా ఫక్కుమన్నాడు. వెనక బెంచీల దాకా నవ్వు పాకింది. జడ్జిగారు పెన్ను నోటికి అడ్డం పెట్టుకున్నారు. ప్రాసిక్యూషను ప్లీడరు సీసా చుట్టూ తిరిగి దణ్ణం పెట్టాడు.

మా సీనియరుగారు అప్పుడైనా ఆవిడ పక్కన నిలబడతారనుకున్నాను. ఆయన అలవాటు ఎక్కడికి పోతుంది.

"కొబ్బరికాయ కూడా కొట్టావా?" అన్నారు.

"కొట్టానండి" అందావిడ, నిజంగా అడిగారనుకుని.

ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినపడుతుంది. ఆవిడ ముఖంలోకి చూడలేకపోయాను. ఏం తప్పు జరిగిందో ఆవిడకు ఎవరూ చెప్పలేదు, నవ్వడంలోనే తీరిక లేకపోయింది. మడిచిన కాగితం, దారం తీసి, ఇవిగో బాబూ ముద్రలు, ఒక్కటీ పారేయలేదు అని నాకు చూపించింది. ముద్రలున్నాయి. అవి సీసా మీద లేవు. ఇందులో పసుపు పలుకులు ఏరేసి ఎర్రవి పోసి తెచ్చిందని ప్రాసిక్యూషను వాదించింది. దరఖాస్తు కొట్టేశారు.

అయితే ఇన్‌స్పెక్టరు దగ్గరున్న మూడో సీసా పంపమని అడగవచ్చని నేనే గుర్తుచేశాను. సీనియరుగారు అడిగారు. ఇన్‌స్పెక్టరు బోనులో నిలబడి, అది ఆఫీసు బీరువాలో ఉండగా ఎలుకలు పాడుచేశాయని చెప్పాడు. చీటీ పిండిజిగురుతో అంటించారట, ఆ జిగురు కోసం చీటీ, చుట్టిన కాగితం, ఆ తర్వాత బిరడా కొరికేశాయట. సీసా మిగిలింది, బూందీ లేదు. ఈసారి ఎవరూ పెద్దగా నవ్వలేదు. సర్కారు ఎలుకలు కదా. ఆవిడ మాత్రం నావైపు తిరిగి, అంత రంగు తిని ఆ ఎలకలకు ఏమీ కాలేదా అని గుసగుసగా అడిగింది. కోర్టులో ఆ రోజు ఎవరైనా అడిగిన తెలివైన ప్రశ్న అదొక్కటే.

సాక్షుల వంతు వచ్చింది. ఇన్‌స్పెక్టరు క్రాసులో, మా సీనియరుగారి ప్రశ్నలకు, ఒక్క మాట జారాడు, రంగున్న పళ్ళెంలోంచి తీశానన్నాడు. రాసుకున్నారు, అంతటితో వదిలేశారు. పక్క కొట్టాయన తనకు పళ్ళెం గిళ్ళెం కనపడలేదన్నాడు. ఆయన కొట్లో అప్పటికే బూందీ పొట్లాలు వేరే మనిషివి వేలాడుతున్నాయి. టోకు వ్యాపారి వచ్చి, ఆవిడ మాట వినే రకం కాదనీ, నిలవ గురించి తను మంచి చెప్పబోతే ఇచ్చింది కూడా వెనక్కి విసిరేసిందనీ చెప్పాడు. ఆ తెల్లపొడి వేసి ఉంటే ఇంకో కేసయ్యేదని నేను లేచి చెప్పబోతే సీనియరుగారు కోటు పట్టి కూర్చోబెట్టారు. లెక్చరరుగారి సాక్ష్యం ఆయన ముందే అన్నట్టు అక్కరకు రాలేదు. హాని ఉందా లేదా అన్నది ప్రశ్న కాదు, హద్దు దాటిందా లేదా అన్నదే ప్రశ్న అన్నారు జడ్జిగారు. ఆరు నెలలు వేశారు.

అప్పీలు వేస్తే, అది తేలేదాకా బయట ఉండవచ్చు. దానికి జామీను కావాలి, పొలం కాగితాలున్న మనిషి కావాలి. టోకు వ్యాపారి తను నిలబడతానని అంతకుముందే ఆవిడతో అని ఉన్నాడు. ఆవిడ ఆ మాట పట్టుకుని కోర్టు వరండాలో సాయంత్రం దాకా బజారు వైపే చూసింది. ఆయన రాలేదు. బజార్లో ఆయన దిగిన చోటికి నేను సైకిలు మీద వెళ్ళాను. మీరు చెప్పండి లాయరుగారూ, రేపు నా పొట్లాలు ఎవరు కొంటారు అన్నాడు. భట్టిప్రోలులో ఆవిడ బూందీని ఏళ్ళ తరబడి పెళ్ళిళ్ళకు తెప్పించుకున్న రైతు ఒకాయన ఉన్నాడు. మంచినీళ్ళిచ్చి, చూద్దాం అన్నాడు. చూద్దాం అంటే మా వైపు ఏమిటో అందరికీ తెలుసు. డెల్టా అంతా పొలాలే, జామీనుకు మాత్రం ఎకరం దొరకలేదు.

ఆవిడను పోలీసులు రైలు స్టేషనుకు నడిపించుకుపోతుంటే, ఆ పొట్లాలు తిని పెరిగిన పిల్లలు ఎర్రబూందీ ఎర్రబూందీ అని వెంటపడ్డారు. వాళ్ళ తల్లులు గుమ్మాల్లో నిలబడి చూశారు. ఒకావిడ మా వాడికి అప్పట్లో కడుపునొప్పి వచ్చింది అందుకేనంది. ఇంకొకావిడకు కూడా వెంటనే ఏదో గుర్తొచ్చింది. తిన్నన్నాళ్ళు గుర్తు రాని రోగాలన్నీ ఆ సాయంత్రం ఆ వీధిలో బయటపడ్డాయి. ఆవిడ కానిస్టేబుళ్ళతో పాటు నడిచిపోయింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతోంది.

అప్పీలు నేనే రాశాను. సీనియరుగారు సంతకం పెట్టారు. అది విచారణకు వచ్చేసరికి ఆవిడ రాజమండ్రి జైల్లో శిక్ష మొత్తం అనుభవించి వచ్చేసింది. పై కోర్టు జడ్జిగారు కాగితాలు తిరగేసి, రెండోసారి పరీక్ష కోరే హక్కు ముద్దాయికి ఉందనీ, దానికి ఉంచాల్సిన మూడో సీసాను కాపాడలేకపోయింది సర్కారేననీ, పైగా సరుకు కలిపి తయారు చేయకముందే, రంగున్న పళ్ళెంలోంచి తీశానని ఇన్‌స్పెక్టరే ఒప్పుకున్నాడనీ చెప్పి, కేసు కొట్టేశారు. ఆవిడ నిర్దోషి. ఇదంతా రేపల్లె కోర్టు ముందున్న కాగితాల్లోనూ ఉంది.

తీర్పు నకలు తీసుకుని బండెక్కాను. అంత సంతోషంగా రేపల్లె ఎప్పుడూ వెళ్ళలేదు. పాక లేదు, ఆ చోట ఎవరో సైకిళ్ళు బాగుచేస్తున్నారు. అడిగితే స్టేషను బయట చూడమన్నారు. ఆవిడ గోనెపట్టా పరుచుకుని ఎండుచేపలు అమ్ముతోంది. జుట్టు నెరిసింది. నన్ను చూసి లేవబోయింది. వద్దని నేనే ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. తీర్పు చదివి, తెలుగులో చెప్పాను. నువ్వే తప్పూ చేయలేదని పెద్ద కోర్టు తేల్చిందక్కా, మళ్ళీ బూందీ మొదలుపెట్టొచ్చు, ఇక ఎవరూ ఏమీ అనడానికి లేదన్నాను.

ఆవిడ కాగితం అందుకోలేదు. చేతులకు చేపల పొలుసు ఉందని చూపించింది. 

"బాపట్ల బాబు చెప్పింది నిజమేనండి. బాగున్నామని కోస్తేగానీ తెలీదంట" అంది.

తర్వాత బండి దిగినవాళ్ళు రావడంతో బేరంలో పడింది. నేను కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుని, తిరుగు బండి కోసం ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళాను.